మూడేళ్ల గ్రైండరా, ఆరేళ్ల గ్రైండరా?

ఇడ్లీ, దోసె పిండి రుబ్బి అమ్మే చిన్న దుకాణానికి రెండు గ్రైండర్లు చూశారనుకుందాం. ఒకటి 60 వేలు, మూడేళ్లు వస్తుంది. కరెంటు, రిపేర్లు కలిపి ఏడాదికి 20 వేలు తింటుంది. రెండోది లక్ష, ఆరేళ్లు వస్తుంది, ఏడాదికి 18 వేలు. ఏది చవక?

రాబోయే ఖర్చులను 12 శాతం వడ్డీ లెక్కన నేటి విలువకు తెచ్చి కూడితే మొదటిది సుమారు 1,08,000, రెండోది 1,74,000. మొదటిదే నయమనిపిస్తుంది. కానీ మూడేళ్లకు అది మూలనపడ్డాక పిండి రుబ్బేదెలా? ఇంకోటి కొనాలి. ఆరేళ్లకు రెండు గ్రైండర్ల ఖర్చు చూస్తే దాదాపు 1,85,000 అవుతుంది.

ఒకటి నాలుగేళ్లు, ఇంకొకటి ఏడేళ్లు వస్తే ఇలా పోల్చడానికి 28 ఏళ్లదాకా లెక్క వేయాలి. ఆ తలనొప్పి లేకుండా చేసేదే సమాన వార్షిక వ్యయం. ఆ గ్రైండరే అద్దెకు తెచ్చుకుంటే, కొన్న ధర వడ్డీతో సహా రాబట్టుకోవడానికి యజమాని ఏటా ఎంత అద్దె అడగాలో, అదీ ఆ లెక్క. ఎక్సెల్‌లో ఒక్క వరుస చాలు:

```
=PMT(12%,3,-60000)
```

జవాబు 24,981. దానికి 20 వేలు కలిపితే ఏడాదికి 44,981. రెండోదానికి 3 బదులు 6, 60000 బదులు 100000 పెడితే 24,323. దానికి 18 వేలు కలిపితే 42,323. ఖరీదైనదే ఏటా రెండున్నర వేలకు పైగా మిగులుస్తుంది.

చాలామంది ధరను ఏళ్లతో భాగించి ఊరుకుంటారు. అలాచేస్తే తేడా 5,333గా కనిపిస్తుంది, అంటే రెట్టింపు. లక్ష ముందే పెట్టినందుకు పోయే వడ్డీని ఆ లెక్క చూడదు. అసలు కీలకం ఆ వడ్డీయే. పైన వాడిన 12 శాతం దాదాపు మన రూపాయి వడ్డీ. అదే రెండు రూపాయల వడ్డీకి, అంటే 24 శాతానికి, అప్పు తెచ్చి కొంటే మొదటిది 50,283, రెండోది 51,107 అవుతాయి. తీర్పు తారుమారైంది! చేతిలో డబ్బు ఖరీదైనప్పుడు తక్కువ ధర యంత్రమే కొనేవాళ్లను దూరదృష్టి లేదని అనడం నాకు సబబుగా తోచదు.

ఈ పద్ధతిలో ఒక షరతు దాగి ఉంది. పాతది పోగానే అలాంటిదే, అదే ధరకు మళ్లీ కొంటారని ఇది నమ్ముతుంది. కొత్త గ్రైండర్ ధర ఏటా పెరిగేదైతే, వడ్డీలోంచి ఆ పెరుగుదల తీసేసి మిగిలిన శాతంతో లెక్క వేయాలి. చివర్లో పాత ఇనుముకో, ఇంకొకరికో అమ్మితే వచ్చే డబ్బునూ నేటి విలువకు తెచ్చి ధరలోంచి తగ్గించాలి. దుకాణమే మూడేళ్లలో ఎత్తేసే ఆలోచన ఉంటే ఈ లెక్క పనికిరాదు. అప్పుడు మూడేళ్లు వాడిన రెండో గ్రైండర్‌ను ఎంతకు కొంటారో ముందుగా మార్కెట్లో వాకబు చేయండి.