బ్యాంకు తాతయ్యకు రాసే ఉత్తరం

సాయంత్రం కమ్యూనిటీ హాలు తాళం తీసి, చాపలు పరిపించి, చుట్టుపక్కల బస్తీ పిల్లలకు ఉచితంగా పాఠాలు చెప్పే రిటైరైన ఉద్యోగులు మన ఊళ్లలో కనిపిస్తుంటారు. ఒకరు బ్యాంకు మేనేజరుగా చేసి ఉంటారు, ఒకరు ఆర్టీసీలో పద్దులు చూసి ఉంటారు, ఇంకొకరు ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరై ఉంటారు. ఏడాది చివర వాళ్లకు శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, ఒక కాగితం చదువుతాం. ‘మీ నిస్వార్థ సేవకు కృతజ్ఞతలు, చిన్నారుల జీవితాల్లో వెలుగు నింపారు’ అని అందులో ఉంటుంది. గౌరవంతోనే రాస్తాం. కానీ అదే కాగితాన్ని పేరు మార్చి రక్తదాన శిబిరం పెట్టినవారికీ ఇవ్వొచ్చు. ఈయన ఏ పిల్లాడికి ఏం నేర్పారో, అది వాడికి వచ్చిందో లేదో అందులో ఒక్క ముక్క ఉండదు.

ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసినవారికి తమ పని ఎలా సాగుతోందో ఎవరో ఒకరు చెబుతూ వచ్చారు. బ్రాంచి లెక్కలు చెప్పేవి, పైఅధికారి చెప్పేవాడు. కమ్యూనిటీ హాల్లో ఆ చెప్పేవాళ్లు లేరు. పిల్లాడు నాలుగు రోజులొస్తాడు, వారం రాడు. బడి మార్కులు ఈయన దాకా రావు. వచ్చినా వాటిలో ఈయన చేసిన పని కనబడదు. అందుకే ఆ కృతజ్ఞతల ఉత్తరాన్ని మర్యాద కాగితంగా చూడకూడదని నా అభిప్రాయం. ఆయన పని గురించి ఆయనకు అందే నివేదిక అదొక్కటే. అలాంటి ఉత్తరం రాయాలంటే ముందు ఆ పనిని దగ్గరగా చూడాలి.

ఒక లెక్క తీసుకుందాం. 403లోంచి 158 తీసెయ్యాలి. అయిదో తరగతి పిల్లాడు 355 అని రాశాడు. అజాగ్రత్త అనుకుంటాం, కాదు. వాడికో పద్ధతి ఉంది. ఒక్కొక్క నిలువు వరుసలో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు. ఎనిమిదిలోంచి మూడు పోతే అయిదు, అయిదులోంచి సున్నా పోతే అయిదు, నాలుగులోంచి ఒకటి పోతే మూడు. పై అంకె ఏది, కింది అంకె ఏది అన్నది వాడి లెక్కలో లేదు. ‘అరువు తెచ్చుకో’ అని ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట వాడికి అంటదు, ఎందుకంటే అరువు అవసరమే వాడికి కనిపించలేదు.

బ్యాంకులో పనిచేసిన మనిషి ఇక్కడ పుస్తకం పక్కన పెట్టారనుకుందాం. అట్టముక్కలు కత్తిరించి వందలు, పదులు, ఒకట్లు రాసి నోట్లు తయారుచేస్తారు. పిల్లాడి చేతిలో నాలుగు వందలు, మూడు ఒకట్లు పెట్టి, ‘నాకు నూట యాభై ఎనిమిది ఇవ్వు’ అంటారు. ఎనిమిది ఒకట్లు కావాలి, ఉన్నవి మూడే. పదినోటు మారుద్దామంటే పదులే లేవు. పిల్లాడు కాసేపు చేతిలోని నోట్ల వంకే చూస్తాడు. ఆ కాసేపూ మాస్టారు నోరు మెదపకుండా ఉండటమే అసలు పని. చివరికి వాడే వందనోటు ముందుకు తోస్తాడు. దానికి పది పదులొస్తాయి. అందులో ఒక పదిని మారిస్తే పది ఒకట్లు. ఇప్పుడు వాడి దగ్గర మూడు వందలు, తొమ్మిది పదులు, పదమూడు ఒకట్లు ఉన్నాయి. ఇచ్చేసి మిగిలింది లెక్కపెడితే 245.

తర్వాతి వారం నోట్లు లేకుండా అదే లెక్క ఇస్తే ఈసారి 255 అని రాస్తాడు. బడిలో 355కీ 255కీ ఒకటే ఎర్ర గీత పడుతుంది. పక్కన కూర్చున్నవారికి మాత్రం రెండింటికీ చాలా తేడా తెలుస్తుంది. వంద మార్చాలని వాడికి తెలిసింది, ఒకట్ల స్థానానికి పది ఇచ్చాడు, కానీ పదుల్లోంచి ఆ ఒక్కటి తగ్గించడం మరిచి అక్కడ పదీ అలాగే ఉంచేశాడు. ‘వచ్చిన జవాబుకు 158 కలిపి చూడు’ అంటే 413 వస్తుంది. పది ఎక్కువ. ఆ పది ఎక్కడ మిగిలిపోయిందో వాడే వెతుక్కుంటాడు. రెండు వారాలు ఆగి, 702లోంచి 346 తీసెయ్యమని కొత్త లెక్క ఇస్తే, నోట్ల అవసరం లేకుండా 356 రాసినప్పుడు వచ్చిందనుకోవచ్చు. ఆ రోజు చేసిన లెక్కనే ఆ రోజు మళ్లీ చేయించి వచ్చేసిందనుకుంటే నెల తిరిగేలోపు మళ్లీ 355 దగ్గరికి వెళ్తాడు.

ఈ లెక్క రాని పిల్లలు అరుదేమీ కాదు. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసే ‘అసర్’ సర్వేలో 2024లో, రెండంకెల అరువు తీసివేత చేయగలిగిన మూడో తరగతి పిల్లలు దేశం మొత్తం మీద సుమారు 34 శాతమే. ఇలాంటి పిల్లలకు ఉపాధ్యాయ శిక్షణ లేనివారు చెప్పినా ఫలితం ఉంటుందా అని కొందరికి అనుమానం. 2000 దశకం తొలి ఏళ్లలో ముంబయి, వడోదర బడుల్లో వెనకబడిన పిల్లలను స్థానిక యువతులు విడిగా కూర్చోబెట్టుకుని, వాళ్లు ఎక్కడ ఆగిపోయారో అక్కడినుంచి చెప్పారు. పిల్లల చదువు మెరుగుపడింది. ఆ పనిని కొలిచి చూసినవారిలో తర్వాత 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ఉన్నారు. ఆగిపోయిన చోటును కనిపెట్టడమే అక్కడ కీలకం. కృతజ్ఞతల ఉత్తరం పట్టుకోవలసింది కూడా ఆ చోటునే.

ఇక ఉత్తరం. హాలు నిర్వహణ చూసే కార్యదర్శి రాసేదైతే నేను ఇలా రాస్తాను:

‘గౌరవనీయులైన సార్ గారికి నమస్కారం. జూన్‌లో మీ దగ్గర చేరినప్పుడు మా వీధి చివరి ఇంటి బాబు ఏ తీసివేత చేసినా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసేవాడు. మీరు అట్టనోట్లతో చిల్లర మార్పించడం మొదలుపెట్టాక దసరా నాటికి వంద మార్చడం వచ్చింది. పదుల్లో ఒకటి తగ్గించడం మరిచేవాడు. ఇప్పుడు మధ్యలో సున్నా ఉన్నా తప్పు పోవడం లేదు. జవాబు వచ్చాక కలిపి సరిచూసుకోవడం మీరు చెప్పకముందే చేస్తున్నాడు. భాగహారంలో మాత్రం ఇంకా తడబాటు ఉంది. వాళ్లమ్మ మీకు చెప్పమన్న మాట ఇది: “కిరాణా కొట్టుకు పంపితే ఇదివరకు చిల్లర ఎంతిస్తే అంత తెచ్చేవాడు. మొన్న పది రూపాయలు తక్కువ ఇచ్చారని కొట్టు దగ్గరే నిలబడి అడిగి తెచ్చుకున్నాడు సార్.” ఇదంతా మీ దగ్గర కూర్చోవడం వల్ల వచ్చింది. మేమందరం మీకు కృతజ్ఞులం. ఎండాకాలం సెలవుల్లో మీరు విశ్రాంతి తీసుకుంటామన్నా, వేళలు మారుద్దామన్నా మాకు సమ్మతమే. మీ వీలు చెప్పండి.’

ఇందులో పొగడ్త ఒక్క వాక్యమే ఉంది. అయినా చదివినవారికి కడుపు నిండుతుంది, ఎందుకంటే తాను అట్టముక్కలు కత్తిరించిన సంగతి ఇంకొకరు గమనించారని తెలుస్తుంది. ‘భాగహారంలో తడబాటు ఉంది’ అన్న మాట తీసెయ్యాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రానిది రాలేదని చెప్పినప్పుడే వచ్చింది వచ్చిందన్న మాటను నమ్మగలం. పైగా వచ్చే ఏడు ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు అదే దారి చూపిస్తుంది.

కొన్ని మాటలు మాత్రం రాకూడదు. ‘బడిలో ఏమీ చెప్పరు, మీ వల్లే’ అని రాయకూడదు. పగలంతా ఆ పిల్లాడు ఆ బడిలోనే కూర్చుంటాడు, ఆ మాట ఎలాగూ అక్కడికి చేరుతుంది. తండ్రి తాగుడు, ఇంటి అప్పులు, తల్లి నాలుగిళ్లలో పాచిపని చేసే సంగతి ఉత్తరంలోకి తేవొద్దు. సభలో చదివే ఉత్తరమైతే మరీను, ముందు వరుసలో పిల్లాడు కూర్చుని ఉంటాడు. వాడి తప్పు లెక్క గురించి చెప్పాలన్నా వాళ్లమ్మనూ వాణ్నీ ముందే అడగాలి. వద్దంటే ఆ ఉత్తరాన్ని సభలో చదవకుండా సార్ చేతికి విడిగా ఇవ్వాలి.

రాయడం రాని తల్లి చెప్పిన మాటను మనం అందమైన గ్రాంథికంలోకి మార్చేస్తుంటాం. ‘మా కుమారుడు గణితంలో పురోగతి సాధించాడు’ అని ఆమె నోట పలికిస్తే ఆ మాట ఆమెది కాకుండా పోతుంది. కొట్టు దగ్గర నిలబడి అడిగి తెచ్చుకున్నాడన్నది ఆమె మాట. దాన్నలాగే ఉంచాలి. పిల్లాడు సొంతంగా రెండు వాక్యాలు రాస్తే ఒత్తు తప్పినా దీర్ఘం పోయినా దిద్దవద్దు.

ఇన్ని వివరాలు ఎక్కడినుంచి వస్తాయని అడగొచ్చు. ఏడాది చివర కూర్చుని గుర్తు చేసుకుంటే రావు. నర్సులు డ్యూటీ దిగేటప్పుడు ఏ మంచం మీది మనిషికి ఏం ఇచ్చారో, ఇంకా ఏం చూడాలో తర్వాత వచ్చేవారికి రాసి అప్పగిస్తారు. ఆ ఉద్యోగం చేసివచ్చినవారు హాల్లో ఉంటే ఈ పని వాళ్లకే ఇవ్వాలి. ఒక్కో పిల్లాడికి నోటుబుక్కులో ఒక పేజీ, రోజుకు ఒక్క వరుస. ‘గుణింతాలు చదువుతోంది, ఒత్తు వస్తే వదిలేస్తోంది, కర్రను కర అంది’ అని రాస్తే చాలు. ఆవిడ ఆ రోజు రాకపోతే వేరొకరు ఆ వరుస చూసి ‘కర్ర’, ‘బుర్ర’, ‘గొర్రె’ చదివిస్తారు. మూడు నెలల తర్వాత అదే పేజీలో ‘పాఠం మధ్యలో ఆగకుండా చదివింది’ అన్న వరుస కనబడుతుంది. ఆవిడకు రాసే ఉత్తరం ఆ రెండు వరుసల మధ్యే ఉంది. ఈ నోటుబుక్కు లేనిచోట మార్కులను పట్టుకుంటారు. పరీక్ష తేలికైనా మార్కులు పెరుగుతాయి, పక్కవాడిది చూసి రాసినా పెరుగుతాయి.

అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాసి నకళ్లు పంచడం సులువే. కానీ ముగ్గురున్నచోట మూడు ఉత్తరాలు రాయాలి. మేనేజరు గారి అట్టనోట్లకూ నర్సమ్మ ఒత్తులకూ పొంతన లేదు. ఏడాది చివరిదాకా ఆగకుండా, అర్ధ సంవత్సరం పరీక్షలయ్యాక సంక్రాంతి ముందు ఇస్తే ఇంకా మేలు. పిల్లలు రావడం తగ్గి, ‘నేను వచ్చి ప్రయోజనమేముంది’ అని పెద్దవాళ్లకు అనిపించేది ఆ చలికాలపు సాయంత్రాల్లోనే. ఉత్తరం ఒక పేజీ దాటనక్కర్లేదు. ఇచ్చే ముందు ఒక నకలు తీసి హాలు ఫైల్లో ఉంచితే, రేపు కొత్తగా రిటైరై వచ్చినవారు మొదటిరోజే అట్టనోట్ల సంగతి చదువుకుని పని మొదలుపెడతారు.