భివండి పోయిన క్రేట్లు గూళ్లు దించే నాటికి తిరిగి రావాలంటే



ఈసారి పురుగుల జబ్బుల గురించి కాదు, ఖాళీ క్రేట్ల గురించి రాస్తున్నాం. చదివితే అదీ పురుగుల సంగతే అని మీకే తెలుస్తుంది.

మన సంఘాల్లో కొన్ని గూళ్లు అమ్మి ఊరుకోకుండా, రీలింగ్, ట్విస్టింగ్ చేయించి నూలు కూడా అమ్ముతున్నాయి. కొనేవాళ్లలో భివండి వాళ్లున్నారు. అక్కడ పద్మానగర్, కామత్‌ఘర్, వరాలా తలావ్ చుట్టుపక్కల తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీల సాంచెల షెడ్లు తరాల నుంచి నడుస్తున్నాయి. మాట తెలుగే, మనిషి మనవాడే. అందుకే "డబ్బాలదేముంది అన్నా, పంపిస్తలే" అనే మాట మీద క్రేట్లు వదిలేస్తాం. ఆ క్రేట్లే ఇక్కడ గూళ్లు దించే రోజున కావాలి. అవి లేకపోతే గూళ్లు గోనె సంచుల్లోకి పోతాయి. సంచిలో అడుగు గూడు నలుగుతుంది, లోపల వేడెక్కి చెమ్మ పడుతుంది. ప్యూపా పగిలిందంటే ఆ మరక పక్క గూళ్లకూ అంటుతుంది. మార్కెట్‌లో లాటు ధర అక్కడే పడిపోతుంది.

తేదీ ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి

మామూలుగా అందరం "సరుకు అందిన నెలలోపు" అని రాస్తాం. అది కొనేవాడి లెక్క. మన లెక్క చాకీ నుంచి మొదలవ్వాలి. రెండో జ్వరం దాటిన పురుగులు ఇంటికొచ్చాక, గూళ్లు దించడానికి ఇంచుమించు 22 నుంచి 24 రోజులు పడుతుంది. అంటే 1వ తేదీన చాకీ వస్తే 23, 24 తేదీల్లో క్రేట్లు కావాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. క్రేట్లు కడిగి, మందు పెట్టి, ఎండబెట్టడానికి మూడు రోజులు పడుతుంది కాబట్టి 20వ తేదీకి అవి మన వాకిట్లో ఉండాలి. భివండి నుంచి ట్రాన్స్‌పోర్ట్ బండికి ఐదు రోజులు వదిలితే 15వ తేదీన అక్కడ లోడ్ కావాలి. లెక్కపెట్టి ఒకచోట పేర్చడానికి ఇంకో రెండు రోజులు. కాబట్టి "13న పేర్చి పెట్టండి, 15న బండి వస్తుంది" అని చెప్పాలి. సరుకు 1న బయలుదేరి 6న అందిందనుకుంటే, కోన్లను ర్యాకులోకి మార్చుకోవడానికి ఆయనకు వారం రోజులు దొరుకుతాయి. చాలు. షెడ్ వాళ్లు నూలు అయిపోయేదాకా క్రేట్‌లోనే ఉంచుకుంటారు. ర్యాకులో చోటు లేక కాదు, మనం అడగలేదు కాబట్టి. మొదటే అడగండి.

బండి తేదీ పెట్టే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. వినాయక నిమజ్జనం రోజుల్లో విగ్రహాలు వరాలా తలావ్‌కే వస్తాయి, ఆ దారిలో లోడింగ్ పెట్టుకోవద్దు. దసరా, దీపావళి సమయంలో సాంచెలు ఆగి పనివాళ్లు ఊళ్లకు వస్తారు. గోదాం తాళం ఎవరి దగ్గర ఉందో కనుక్కోకుండా బండి పంపితే కిరాయి దండగ. వానాకాలంలో ఇంకో మాట: చెక్క ప్యాలెట్‌ను నేల మీద వదిలేస్తే నీరు పీల్చి బూజు పడుతుంది. తడిసిన చెక్క ప్యాలెట్ తీసుకోం అని ముందే రాయాలి.

కిరాయి మాట వచ్చింది కాబట్టి, క్రేట్లు కొనేటప్పుడే ఒకదాంట్లో ఒకటి దిగేవి చూసి కొనండి. దిగని రకమైతే 60 ఖాళీ క్రేట్లు 60 నిండు క్రేట్లంత చోటు తింటాయి, కిరాయి కూడా అలాగే పడుతుంది.

డిపాజిట్ ఎలా అడగాలి

భివండిలో నూలు వ్యాపారం అరువు మీద నడుస్తుంది. అందుకని డిపాజిట్ అనగానే ఆసామి "సరుకు పైసలే నెలకిస్త, డబ్బాలకు ముందే ఎట్లిస్త?" అంటాడు. ఆ మాటలో న్యాయం ఉంది. దీనికి మాకు నచ్చిన దారి గ్యాస్ సిలిండర్ పద్ధతి. ఒక్కసారి డిపాజిట్ కడతాడు. ఆ తరువాత ఎన్ని ఖాళీలు ఇస్తే అన్ని నిండువి వెళ్తాయి. ప్రతి లోడుకూ మళ్లీ కట్టనక్కర్లేదు. వ్యాపారం మానుకున్న రోజు లెక్క చూసి తిరిగి ఇచ్చేస్తాం.

డిపాజిట్ ఎంత ఉండాలంటే, కొత్త క్రేటు కొనే ధరకు దగ్గరగా ఉండాలి. తక్కువైతే ఆయనకు క్రేటు ఉంచుకోవడమే లాభం. మరీ ఎక్కువ పెట్టినా నిలవదు. ఒప్పందం తప్పితే ఇంత అని ముందే రాసుకున్నా, భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ మొత్తానికి మించకుండా న్యాయమైన పరిహారమే దక్కుతుంది. అదే చట్టంలో 160, 161 సెక్షన్లు మనకు పనికొస్తాయి. వాడుకకు ఇచ్చిన వస్తువును గడువు తీరగానే అడక్కపోయినా తిరిగి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ రోజు నుంచి జరిగే నష్టానికి తీసుకున్నవాడే బాధ్యుడు. కానీ ఇది వర్తించాలంటే చలాన్ మీద రెండు ముక్కలు ఉండాలి: "క్రేట్లు, ప్యాలెట్లు అమ్మకం కాదు, వాడుకకు మాత్రమే" అనీ, తిరిగి ఇవ్వాల్సిన తేదీ.

బిల్లులో డిపాజిట్‌ను నూలు ధరలో కలపొద్దు, వేరే వరుసలో రాయండి. జీఎస్టీ చట్టం 2వ సెక్షన్, 31వ క్లాజు ప్రకారం తిరిగి ఇచ్చే డిపాజిట్ సరుకు ధర కాదు. దాన్ని మనం ధర కింద జమ చేసుకున్నప్పుడే పన్ను లెక్కలోకి వస్తుంది. "నూలు బాకీలో పట్టుకో" అని ఆసామి అన్నప్పుడు ఒప్పుకోకపోవడానికి ఇదొక కారణం. అసలు కారణం వేరే ఉంది. ఒకసారి బాకీలో కలిశాక ఇక క్రేట్ల మాట ఎవరూ ఎత్తరు.

ఒక లెక్క చేసి చూద్దాం

మూడు ప్యాలెట్లు, ఒక్కోదాని మీద 20 క్రేట్లు. 600 బై 400 మిల్లీమీటర్ల క్రేటైతే 1200 బై 1000 ప్యాలెట్ మీద వరుసకు ఐదు పడతాయి, నాలుగు వరుసలు. మొత్తం 60. క్రేటుకు 300 రూపాయలు, ప్యాలెట్‌కు 1,500 అనుకుంటే డిపాజిట్ 18,000, 4,500 కలిపి 22,500.

15వ తేదీన 54 క్రేట్లు, మూడు ప్యాలెట్లు వచ్చాయనుకుందాం. 49 బాగున్నాయి, పూర్తి డబ్బు 14,700. మూడింటికి పిడి విరిగింది కానీ పని చేస్తాయి, సగం చొప్పున 450. రెండు మందు వాసన వేస్తున్నాయి, వాటికి ఏమీ రాదు. ప్యాలెట్లలో రెండు బాగున్నాయి, 3,000. మూడోదానికి పలక విరిగితే బాగుచేసే ఖర్చు 300 తీసి 1,200. అంటే వెంటనే తిరిగి ఇవ్వాల్సింది 19,350. రాని ఆరు క్రేట్ల 1,800 ఇంకో 15 రోజులు మన దగ్గరే ఆగుతుంది. నాలుగు తరువాత వస్తే 1,200 ఇచ్చేస్తాం. మిగతా రెండు పోయినట్టే. ఆ 600 జమ చేసుకుని క్రేట్ల అమ్మకం కింద బిల్లు రాయాలి, పన్ను ఎంతో లెక్కలు చూసే ఆయన్ని అడగండి.

లెక్క ఎక్కడ పెడతామన్నది ముఖ్యం. భివండిలో లోడ్ చేసేటప్పుడు షెడ్ మనిషి, డ్రైవర్ ఇద్దరూ చలాన్ మీద సంతకం పెట్టాలి, ఆ చలాన్ ఫొటో, పేర్చిన క్రేట్ల ఫొటో అప్పుడే పంపాలి. ఇక్కడ దించేటప్పుడు మళ్లీ ఫొటో. రెండు ఫొటోలకూ తేడా వస్తే అది దారిలో పోయింది, ట్రాన్స్‌పోర్ట్ వాళ్లను అడగాలి గానీ ఆసామిని కాదు. ఆయన డిపాజిట్‌లో కోత పెడితే అన్యాయం. మన వైపు కూడా గడువు ఉండాలి: క్రేట్లు దిగిన ఏడు రోజుల్లో డబ్బు పంపకపోతే రెండోసారి ఆయన క్రేట్లు కదిలించడు.

వాసన వచ్చే క్రేటుకు పైసా ఎందుకు ఇవ్వం

ఇది మన రైతుకే తెలిసిన బాధ. షెడ్‌లో ఖాళీగా ఉన్న క్రేటులో ఏదైనా పెడతారు: మిషన్ ఆయిల్ డబ్బా, సైజింగ్ మందు, దోమల మందు, బొద్దింకల మందు, తంబాకు. వాళ్లకు అది ప్లాస్టిక్ డబ్బా. మనం మాత్రం గూళ్లు మోసిన క్రేటులోనే మర్నాడు మల్బరీ ఆకు మోస్తాం. పురుగు మందు అంటిన క్రేటులో ఆకు పెడితే, పురుగు తల ఎత్తి ఊపుతుంది, పచ్చని నీళ్లు కక్కుతుంది, ఒళ్లు కుంచించుకుపోతుంది. తంబాకులోని నికోటిన్‌తోనూ అంతే. బ్లీచింగ్‌తో రోగక్రిములు పోతాయి గానీ మందు, నూనె పోవు. కాబట్టి అలాంటి క్రేటుకు ఎర్ర రంగు గీత పెట్టి నూలుకే వాడండి, ఆకుకు, గూళ్లకు వద్దు.

మిగతా క్రేట్లు నేరుగా పురుగుల షెడ్‌లోకి తేవద్దు. ముందు బయటే సబ్బునీళ్లతో పీచు, మురికి వదిలేలా కడగాలి, మురికి ఉంటే బ్లీచింగ్ బలం దాని మీదే ఖర్చవుతుంది. తరువాత 100 లీటర్ల నీటిలో 2 కిలోల బ్లీచింగ్ పౌడర్, 300 గ్రాముల చల్లారిన సున్నం కలిపి క్రేట్లను అరగంట తడిగా ఉంచి ఎండలో ఆరబెట్టండి. బ్లీచింగ్ కొత్తది, గాలి తగలనిది కావాలి, తెరిచి పెట్టినదానికి బలం ఉండదు. చెక్క ప్యాలెట్ రంధ్రాల్లోకి మందు సరిగ్గా దిగదు, దాన్ని షెడ్ గడప దాటనివ్వొద్దు.

పంపాల్సిన మెసేజ్

కింద ఇచ్చింది కాపీ చేసి, అంకెలు మార్చుకుని వాడుకోండి. సరుకు బయలుదేరిన రోజే పంపండి, 10వ తేదీన మళ్లీ ఒకసారి.

"అన్నా నమస్తే. ఈ రోజు 60 క్రేట్లు, 3 ప్యాలెట్లల్ల నూలు పంపినం. క్రేట్లు, ప్యాలెట్లు అమ్మినవి కావు, వాడుకకే. నూలు మీ ర్యాకులకు మార్చుకుని ఖాళీలు 13 తారీఖుకల్ల ఒకతాన పేర్పించండి. 15న పొద్దున బండి వస్తది, కిరాయి మాదే. చలాన్ మీద మీ మనిషి, డ్రైవర్ సంతకాలు పెట్టి ఫొటో పంపండి. క్రేట్లల్ల మందులు, నూనె, తంబాకు పెట్టొద్దని పనోళ్లకు చెప్పండి, మాకు పురుగులు చస్తయి. దిగిన ఏడు రోజులల్ల డిపాజిట్ లెక్క చేసి పంపుతం. 24న మా గూళ్లు దించుడున్నది, తారీఖు దాటనియ్యకండి అన్నా."