పండక్కి ఊరెళ్తూ ఏ లైటు వేసి వెళ్లాలి?

భోగికి రెండు రోజుల ముందు రాత్రి కూకట్‌పల్లి, మియాపూర్ వైపు వెళ్లి చూడండి. సూట్‌కేసులు, పిల్లలు, అట్టపెట్టెలతో ప్రైవేటు బస్సుల కోసం జనం రోడ్డు మీదే నిలబడి ఉంటారు. ఆ రాత్రి ఎన్ని ఇళ్లకు తాళాలు పడుతున్నాయో లెక్క వేయడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. దొంగలూ ఆ లెక్కే వేసుకుంటారు.

ఈ ఇళ్లలో చాలావాటి బాల్కనీలకు క్రిస్మస్ నాటి నక్షత్రమో, కొత్త సంవత్సరానికి కట్టిన సీరియల్ లైట్లో ఇంకా వేలాడుతుంటాయి. పండగ పూట ఇల్లు చీకటిగా ఉండకూడదని ఇంటి పెద్దావిడ అంటుంది. దాంతో సీరియల్ సెట్టు వెలుగుతూనే ఉంటుంది, దేవుడి గూట్లో దీపం పెడతారు, తలుపుకు తాళం వేస్తారు. ఇంట్లో వెలుగు ఉండాలన్న మాట సరైనదే. వెలగాల్సిన లైట్లు మాత్రం అవి కావు. ఎవరూ లేని ఇంట్లో అలంకరణ లైట్లు ఆరిపోయి ఉండాలి, లోపలి గది లైటు వెలగాలి.

ఎల్‌ఈడీ సీరియల్ సెట్టు లాగే కరెంటు మామూలు బల్బు కంటే తక్కువే. అందుకే దాని వల్ల ఏమవుతుందిలే అనుకుంటాం. ప్రమాదం బల్బుల్లో ఉండదు, అతుకుల్లో ఉంటుంది. సన్నటి వైరుకు ఇన్సులేషన్ టేపు బదులు సెల్లోటేపు చుట్టడం, ప్లగ్గు ఊడిపోతే రెండు తీగలనూ నేరుగా సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు బిగించడం, ఒక సెట్టు చివర ఇంకో సెట్టు తగిలించుకుంటూ పోవడం మనకు అలవాటే. వదులుగా ఉన్న అతుకు దగ్గర సన్నటి నిప్పురవ్వలు రేగి, అక్కడి ప్లాస్టిక్ మెల్లగా మాడుతుంది. పక్కనే ఎండిన బంతిపూల దండో, థర్మాకోల్ అలంకరణో ఉంటే ఆ వేడి చాలు.

అంతదాకా వస్తే ఎంసీబీ పడిపోతుందిగా అనే ధీమా చాలామందికి ఉంటుంది. ఎంసీబీ పడేది లోడు మించినప్పుడు, లేదా షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు. వదులు అతుకు దగ్గర ఈ రెండూ జరగవు. తీగలో పారేది అదే కొద్దిపాటి కరెంటు కాబట్టి ఎంసీబీకి తేడా తెలియదు, ఆ పాయింటు కాలుతూనే ఉంటుంది. మనిషి ఇంట్లో ఉంటే కమురు వాసన పట్టేస్తాడు. తాళం వేసిన ఇంట్లో ఆ ముక్కు లేదు.

బయలుదేరే లోగానే ఒక సాయంత్రం సెట్టును గంటసేపు వెలిగించి, స్విచ్ ఆపి, ప్లగ్గును పట్టుకుని చూడండి. అంత చిన్న సెట్టుకు ప్లగ్గు వేడెక్కకూడదు. వెచ్చగా తగిలినా, సాకెట్ రంధ్రాల చుట్టూ గోధుమరంగు మరక కనిపించినా, వైరు కదిపినప్పుడు లైట్లు మిణుకుమన్నా దాన్ని మళ్లీ వాడొద్దు. మరక పడిన సాకెట్‌ను కూడా మార్పించాలి. బాల్కనీ గ్రిల్లుకు చుట్టిన సెట్టయితే వైరు ఇనుప అంచుకు ఒరుసుకున్నచోట, జారుడు కిటికీ కింద నలిగినచోట పైపొర తెగిందేమో చూసుకోండి. జనవరి మంచుకు తడిసిన గ్రిల్లుకు కరెంటు పాకితే పక్క ఫ్లాటు పిల్లవాడు గాలిపటం కోసం చెయ్యి చాపినా ప్రమాదమే.

బాగున్న సెట్టునైనా వెళ్లేటప్పుడు ప్లగ్గు పీకేసి వెళ్లాలి. మెయిన్ ఆపేశాం కదా అంటే చాలదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, మెయిన్ ఆపినా దాని లైన్లో ఉన్న పాయింట్లకు బ్యాటరీ నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది. బాల్కనీ పాయింటు ఆ లైన్లో ఉంటే మీరు బస్సెక్కాక కూడా సెట్టు వెలుగుతూనే ఉంటుంది.

దీపం సంగతి అడగనే అక్కర్లేదు. దండం పెట్టుకున్నాక కొండెక్కించి, అగరుబత్తి కొస నీళ్లలో ముంచి బయలుదేరండి. వెలుగుతున్న వత్తిని ఎలుక ఈడ్చుకుపోతే పట్టు పరదా దగ్గర ఆగుతుందో, పాత పేపర్ల కట్ట దగ్గర ఆగుతుందో చెప్పలేం.

ఇక టైమరు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే గుండ్రటి మీట టైమరు చుట్టూ చిన్న చిన్న పళ్లుంటాయి. ఒక్కో పన్ను పదిహేను నిమిషాలు, 24 గంటలకు మొత్తం 96. ఏ వేళకు లైటు వెలగాలో ఆ పళ్లను నొక్కాలి. దీన్ని ప్లగ్ పాయింటులో పెట్టాలి కాబట్టి గోడమీది ట్యూబ్‌లైటుకు పనికిరాదు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టిన టేబుల్ ల్యాంపో, ప్లగ్గున్న హోల్డరో కావాలి.

భీమవరం వెళ్తున్న ఒక రెండు పడకగదుల ఫ్లాటును అనుకుందాం. జనవరి మధ్యలో హైదరాబాద్‌లో పొద్దు గుంకేది ఆరింటి ప్రాంతంలో. హాలు దీపాన్ని 6 నుంచి 10:15 దాకా, పడకగది దీపాన్ని 9:45 నుంచి 11 దాకా పెడతారు. మధ్యలో అరగంట రెండూ వెలుగుతాయి. కింద నిలబడి చూసేవాడికి ఎవరో హాల్లోంచి లేచి పడుకోవడానికి వెళ్లినట్టే ఉంటుంది. పరదాలు వేసి ఉంచాలి, లేకపోతే ఖాళీ సోఫా కూడా కనిపిస్తుంది. టైమరు పక్కనుండే చిన్న మీట గడియారం బొమ్మ వైపు ఉందో లేదో చూసుకోవాలి. రెండో వైపు ఉంటే పళ్లు ఎలా నొక్కినా లైటు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. పట్టపగలు వెలిగే లైటు ఇంట్లో ఎవరూ లేరని చెప్పేస్తుంది.

ఈ టైమరుకు ఇంకో లోపం, కరెంటు పోతే దాని గడియారం కూడా ఆగుతుంది. గంటన్నర పోతే, ఆ తర్వాత ఆరింటికి వెలగాల్సిన లైటు ఏడున్నరకు వెలుగుతుంది. ఇన్వర్టర్ పాయింటులో పెడితే ఆ తంటా ఉండదు. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు ఇంకా మేలు. కొన్నింటిలో RANDOM అనే మీట ఉంటుంది, అది రోజూ కొన్ని నిమిషాలు అటూ ఇటూగా వెలిగిస్తుంది.

ఇంత చేసినా సంక్రాంతి నెలలో ఇంటిని పట్టిచ్చేది వాకిలి. వీధంతా ముగ్గులు, గొబ్బెమ్మలు, మీ గుమ్మం ముందు మాత్రం దుమ్ము. ఏ లైటూ దీన్ని కప్పిపుచ్చలేదు. ఎదురింటావిడతో మాట్లాడుకుని, రోజూ కాసిని నీళ్లు చల్లి నాలుగు గీతలు గీయమనండి. ఊరినుంచి అరిసెలు తెస్తే ఆ రుణం తీరుతుంది. పాల ప్యాకెట్లు, పేపరు ముందే ఆపించాలి. తోరణం మామిడాకులు వెళ్లేలోపు తీసేయడం మంచిది, నాలుగైదు రోజులకు అవీ ఎండి సాక్ష్యం చెబుతాయి. గేటుకు పెద్ద తాళం వేలాడదీసే కంటే తలుపులోనే ఇమిడే తాళం నయం. బస్సులో కూర్చుని స్టేటస్‌లో ఫొటో పెట్టాలన్న సరదాను తిరిగొచ్చేదాకా ఆపుకోండి.

ఊరెళ్తున్నట్టు స్థానిక పోలీస్ స్టేషన్లో చెబితే రాత్రి గస్తీలో మీ వీధి మీద ఒక కన్నేసే వీలుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే యాప్ తెచ్చారు. అందులో నమోదు చేసుకుంటే, ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరాను వాళ్లే ఉచితంగా అమర్చే ఏర్పాటు అది. మీ స్టేషన్ పరిధిలో కెమెరా దొరుకుతుందో లేదో టికెట్లు తీసుకున్నప్పుడే కనుక్కోండి, పండగ ముందు రోజు కాదు.

తిరిగొచ్చాక తాళం పగిలి కనిపిస్తే కంగారులో లోపలికి పరుగెత్తొద్దు. దొంగ ఇంకా లోపలే ఉండొచ్చు. లేకపోయినా మీరు బీరువా తలుపు ముట్టుకుంటే వేలిముద్రలు చెరిగిపోతాయి. మెట్ల మీదే ఆగి 100కో 112కో ఫోన్ చేసి, క్లూస్ టీం వచ్చేదాకా పక్కింట్లో కూర్చోండి.