నాలుగు మందులు, ఒకే మూట

1955లో హాంకాంగ్ నుంచి జపాన్‌కు తిరిగివచ్చిన ఒక మహిళకు జిగట విరేచనాలు పట్టుకున్నాయి, ఎంతకీ తగ్గలేదు. పరీక్ష చేస్తే షిజెల్లా అనే బ్యాక్టీరియా బయటపడింది. జిగట విరేచనాలు తెచ్చేదే అది కాబట్టి అంతవరకు ఆశ్చర్యం లేదు. కానీ ఆ షిజెల్లా మీద సల్ఫా మందు పనిచేయలేదు, స్ట్రెప్టోమైసిన్ పనిచేయలేదు, క్లోరాంఫెనికాల్ పనిచేయలేదు, టెట్రాసైక్లిన్ కూడా పనిచేయలేదు. అప్పట్లో ఆ జబ్బుకు వాడే ముఖ్యమైన మందులు ఈ నాలుగే.

సల్ఫా సంగతి జపాన్ వైద్యులకు ముందే తెలుసు. యుద్ధం ముగిశాక దాన్ని విరివిగా వాడారు, కొన్నేళ్లకే చాలా షిజెల్లాలు దాన్ని తట్టుకోవడం మొదలుపెట్టాయి. ఇందుకు పాఠ్యపుస్తకాల్లో వివరణ ఉంది. కోటి, పది కోట్ల బ్యాక్టీరియాలో ఒకదానికి డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు పొరపాటు జరిగి, అది మందును తట్టుకునేలా మారుతుంది. మందు మిగతావాటిని చంపేస్తే అదొక్కటే మిగిలి పెరుగుతుంది. దీన్నే ఉత్పరివర్తనం అంటారు.

అయితే ఒకే బ్యాక్టీరియంలో నాలుగు వేర్వేరు మందులకు నాలుగు పొరపాట్లు ఒకేసారి జరగాలంటే లెక్క తలకిందులవుతుంది. పది కోట్లకు ఒకటి చొప్పున నాలుగుసార్లు హెచ్చవేస్తే, 1 పక్కన 32 సున్నాలు పెట్టినంత సంఖ్యలో ఒక్కటి దొరుకుతుంది. భూమ్మీద ఉన్న బ్యాక్టీరియా అంతా కలిపినా 1 పక్కన 30 సున్నాలు పెట్టినంతకు కొద్దిరెట్లే ఉంటుందని అంచనా. అలాంటిది ఏటా మరిన్ని ఆసుపత్రుల్లో ఈ నాలుగు మందులకూ లొంగని షిజెల్లా కనిపిస్తూ వచ్చింది.

వైద్యులు గమనించిన మరికొన్ని విషయాలు ఈ లెక్కకన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. ఒకే రోగి మలంలో, ఒకే రకానికి చెందిన షిజెల్లాలో, అన్ని మందులకూ చచ్చేవీ నాలుగింటినీ తట్టుకునేవీ పక్కపక్కనే ఉన్నాయి. ఒక్క క్లోరాంఫెనికాల్ మాత్రమే ఇచ్చిన రోగిలో, అతను ఎన్నడూ వాడని మిగతా మూడు మందులకు కూడా లొంగని షిజెల్లా కనిపించింది. అన్నిటికన్నా ముఖ్యంగా, అదే రోగి పేగులో ఏ హానీ చేయకుండా బతికే ఇ.కొలై కూడా సరిగ్గా ఆ నాలుగు మందులనే తట్టుకుంటోంది. షిజెల్లాకు ఆ శక్తి పేగులోనే, ఇ.కొలై నుంచే అందుతోందేమోనని టోక్యోలో అకిబాకు అనుమానం వచ్చింది. నగోయాలో ఒచియాయ్ కూడా విడిగా ఇదే దారిలో ఆలోచించాడు. 1959లో ఇద్దరూ వేర్వేరుగా ప్రయోగం చేసి చూపించారు.

ఆ ప్రయోగపు సారం చాలా సులువైనది, ఇవాళ్టికీ విద్యార్థులు ప్రయోగశాలలో చేయగలిగేది. నాలుగు మందులనూ తట్టుకునే షిజెల్లాను, ఏ ఒక్క మందునూ తట్టుకోలేని ఇ.కొలైని ఒకే పోషక ద్రవంలో కాసేపు కలిపి ఉంచాలి. తర్వాత మందు కలిపిన గట్టి పోషక పదార్థం మీద పరచాలి. రెండింటినీ విడదీసి గుర్తించడానికి పాలచక్కెర, అంటే లాక్టోజ్, సాయపడుతుంది. లాక్టోజ్‌తో పాటు తగిన రంగు పదార్థం కలిపిన పళ్లెంలో ఇ.కొలై గుంపులు ఎర్రగా కనిపిస్తాయి. లాక్టోజ్‌ను వెంటనే పులియబెట్టలేని షిజెల్లా గుంపులు రంగు లేకుండా ఉంటాయి. మందు ఉన్న పళ్లెంలో ఎర్రటి గుంపు పెరిగిందంటే, నిన్నటిదాకా చచ్చే ఇ.కొలై ఇవాళ బతుకుతోందన్న మాట. అలాంటి ఎర్రటి గుంపును తీసి మిగతా మూడు మందుల మీద పరీక్షిస్తే, చాలాసార్లు అది వాటినీ తట్టుకుంటుంది. పక్కనే ఒంటరిగా పెంచిన ఇ.కొలైని అదే మందు పళ్లెం మీద పరచి, అక్కడ ఏమీ మొలవలేదని చూసుకోవాలి. ఆ సరిపోలిక లేకపోతే ఈ ప్రయోగానికి విలువ లేదు.

ఇక మిగిలింది ఆ శక్తి ఏ దారిన చేరిందన్న ప్రశ్న. బ్యాక్టీరియా తల్లి నుంచి పిల్లకు కాకుండా పక్కవాటి నుంచి జన్యువులు అందుకునే దారులు అప్పటికే మూడు తెలుసు. వాటిని వేరు చేయడానికి సన్నని రంధ్రాల జల్లెడ ఒకటి, డీఎన్‌ఏను తెగ్గొట్టే ఎంజైమ్ ఒకటి ఉంటే చాలు. బ్యాక్టీరియా శాస్త్రంలో ఇంత తక్కువ సరంజామాతో ఇంత స్పష్టంగా తేలిన తగవు నాకు మరొకటి తెలియదు.

మొదటి దారి ట్రాన్స్‌ఫర్మేషన్. చచ్చిన బ్యాక్టీరియా పగిలినప్పుడు బయటపడిన డీఎన్‌ఏ ముక్కను బతికున్నది లోపలికి లాక్కుంటుంది. 1928లో లండన్‌లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ దీన్ని ఎలుకల్లో చూశాడు. జబ్బు తెచ్చే నిమోనియా బ్యాక్టీరియాను వేడిచేసి చంపి, జబ్బు తేలేని బతికున్న రకంతో కలిపి ఎక్కించాడు. ఎలుకలు చనిపోయాయి, వాటి రక్తంలో జబ్బు తెచ్చే రకం సజీవంగా దొరికింది. మారింది డీఎన్‌ఏ వల్లేనని 1944లో ఏవరీ బృందం తేల్చింది. ద్రవంలో డీఎన్‌ఏను తెగ్గొట్టే ఎంజైమ్ వేస్తే ఈ దారి మూసుకుపోతుంది. ఇదే నిమోనియా బ్యాక్టీరియా తర్వాతి కాలంలో పెన్సిలిన్‌ను తట్టుకోవడం నేర్చుకున్నదీ ఇలాగే. గొంతులో హాని చేయకుండా ఉండే దగ్గరి బంధువుల జన్యువుల ముక్కలను తన జన్యువుల మధ్య అతికించుకుంది. దగ్గరి బంధువులవే కావడానికి కారణం ఉంది. వచ్చిన ముక్క తన డీఎన్‌ఏతో చాలావరకు పోలితే తప్ప అతుక్కోదు.

రెండో దారి ట్రాన్స్‌డక్షన్, అంటే బ్యాక్టీరియాకు సోకే వైరస్ మోసుకెళ్లడం. ఫేజ్ అనే ఈ వైరస్ తన డీఎన్‌ఏను గుళ్లలో నింపుకుంటూ, అప్పుడప్పుడు పొరపాటున బ్యాక్టీరియా డీఎన్‌ఏ ముక్కను నింపేస్తుంది. ఆ గుల్ల మరో బ్యాక్టీరియం మీద వాలితే వైరస్‌కు బదులు ఆ ముక్క లోపలికి పోతుంది. 1952లో అమెరికాలో నార్టన్ జిండర్, జాషువా లెడర్‌బర్గ్ సాల్మొనెల్లాలో దీన్ని కనిపెట్టారు. ‘యు’ ఆకారపు గొట్టం మధ్యలో జల్లెడ పెట్టి, రెండు వైపులా రెండు రకాల బ్యాక్టీరియాను పెంచారు. బ్యాక్టీరియా జల్లెడ దాటలేదు, జన్యువులు మాత్రం దాటాయి. ఎంజైమ్ వేసినా ఆగలేదు, ఎందుకంటే డీఎన్‌ఏ వైరస్ గుల్లలో భద్రంగా ఉంది. చీముగడ్డలు తెచ్చే స్టాఫిలోకాకస్‌లో మందు నిరోధకత ఎక్కువగా ఈ దారిలోనే తిరుగుతుంది. అయితే గుల్లలో పట్టినంతే పోతుంది, ఆ ఫేజ్ సోకగలిగిన రకాలకే పోతుంది.

షిజెల్లా విషయంలో జల్లెడే తీర్పు చెప్పింది. బ్యాక్టీరియాను వడకట్టి తీసేసిన ద్రవంతో నిరోధకత బదిలీ కాలేదు. అంటే గాలించాల్సింది వైరస్ కోసమో విడి డీఎన్‌ఏ కోసమో కాదు. బ్యాక్టీరియా ఒకదాన్నొకటి తాకాల్సిందే. మూడో దారి ఇదే.

ఇచ్చే బ్యాక్టీరియంలో, దాని అసలు క్రోమోజోమ్‌కు విడిగా, గుండ్రని చిన్న డీఎన్‌ఏ వలయం ఉంటుంది. దాని పేరు ప్లాస్మిడ్. తన సన్నని పోగుతో పక్కదాన్ని పట్టి దగ్గరకు లాగడానికి కావలసిన జన్యువులూ, తనకు తాను నకలు తీసుకునే జన్యువులూ దానిలోనే ఉంటాయి. వలయంలో ఒక చోట ఒక పోగు తెగుతుంది, ఆ పోగు అవతలి కణంలోకి జారుతుంది. రెండు వైపులా లోటు పోగును మళ్లీ కట్టుకుంటాయి. నిమిషాల్లో పని పూర్తి. ఇచ్చినది ఏమీ కోల్పోదు. పైగా కొత్తగా అందుకున్నది కొన్ని తరాలపాటు మహా చురుగ్గా మరికొన్నిటికి పంచుతుందని, తర్వాత నెమ్మదిస్తుందని సుతోము వతనబే బృందం గమనించింది. ఈ పరిశోధనలన్నిటినీ వతనబే 1963లో ఇంగ్లిష్‌లో సమీక్షిస్తూ రాసిన వ్యాసంతోనే జపాన్ బయటి ప్రపంచం వీటిని గట్టిగా పట్టించుకుంది.

ఆనాటి జపాన్ షిజెల్లా నుంచి తీసిన ఆర్‌100 అనే ప్లాస్మిడ్‌ను తర్వాత పూర్తిగా చదివారు. దాదాపు 94 వేల అక్షరాల వలయం అది. సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ నిరోధక జన్యువులు నాలుగూ దానిలో ఉన్నాయి, పాదరసాన్ని తట్టుకునే జన్యువులు కూడా ఉన్నాయి. క్లోరాంఫెనికాల్ ఒక్కటే తిన్న రోగిలో మిగతా మూడింటి నిరోధకత ఎందుకు వచ్చిందో ఇక్కడ తేలిపోయింది. మూటలో ఒక్కటి పనికొస్తే మూటంతా బతికిపోతుంది.

ఈ సంగతి వల్ల చాలామంది నమ్మే ఒక మాట నిలబడకుండా పోతుంది. మందు వాడకం ఆపేస్తే నిరోధకత దానంతట అదే తగ్గుతుందని అనుకుంటాం. బ్రిటన్‌లో దుష్ఫలితాల కారణంగా సల్ఫా ఉన్న కో-ట్రైమాక్సజోల్ వాడకంపై 1995లో ఆంక్షలు పెట్టారు. 1991లో ఏడాదికి 3 లక్షలకు పైగా ఉన్న చీటీలు 1999కి కొన్ని వేలకు పడిపోయాయి. ఆ కాలంలో లండన్‌లోని ఒక ఆసుపత్రి ఇ.కొలై నమూనాల్లో సల్ఫా నిరోధకత సుమారు 40 శాతం నుంచి 46 శాతానికి చేరింది. తగ్గకపోగా కాస్త పెరిగింది. కారణం ఊహించదగినదే. ఆ నిరోధక జన్యువు ఎక్కువగా పెద్ద ప్లాస్మిడ్ల మీద, ఇంకా వాడుకలో ఉన్న ఇతర మందుల నిరోధక జన్యువుల పక్కన కూర్చుని ఉంది. కొన్ని ప్లాస్మిడ్లకు మరో ఏర్పాటు కూడా ఉంది. అవి ఒక విషాన్నీ దాని విరుగుడునూ కలిపి తయారు చేస్తాయి. విరుగుడు త్వరగా చెడిపోతుంది, విషం నిలకడగా ఉంటుంది. కణం విడిపోయేటప్పుడు ప్లాస్మిడ్ రాని పిల్లలో విరుగుడు అయిపోయాక విషం మిగిలి దాన్ని చంపుతుంది.

మన పటాన్‌చెరు ఈ కథలోకి 2007లో వచ్చింది. అక్కడి మందుల కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వదిలిన నీటిలో లీటరుకు దాదాపు 30 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం కొలిచి చెప్పింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా అది ఎక్కువ. 2011లో అదే బృందం దిగువ వాగు అడుగు మట్టిలోని డీఎన్‌ఏను చదివితే సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందుల నిరోధక జన్యువులతో పాటు సల్ఫాకు, స్ట్రెప్టోమైసిన్‌కు సంబంధించినవీ, వాటిని మోసే ప్లాస్మిడ్ల ఆనవాళ్లూ పుష్కలంగా దొరికాయి. జపాన్ రోగి పేగులో జరిగినది వాగు మట్టిలోనూ జరగడానికి మనిషి శరీరమే అక్కర్లేదు.

ఆసుపత్రిలో ప్లాస్మిడ్ తిరుగుతోందని ఎలా పసిగడతారు? మామూలు కల్చర్ రిపోర్టు ఏ మందు పనిచేస్తుందో, ఏది పనిచేయదో మాత్రమే చెబుతుంది, ఆ శక్తి ఎక్కడిదో చెప్పదు. ఒకే వార్డులో కొన్ని వారాల తేడాతో ఇ.కొలైలోనూ, దానికి వేరు జాతి అయిన క్లెబ్సియెల్లాలోనూ ఒకే మందుల జాబితా విఫలమవుతుంటే సూక్ష్మజీవశాస్త్రవేత్తకు అనుమానం రావాలి. అప్పుడు రెండింటి డీఎన్‌ఏనూ చదివి ఒకే వలయం రెండింటిలోనూ ఉందేమో చూస్తారు. ఉంటే, ఒక్క జాతి క్రిమి కోసం వెతికే పద్ధతి ఆ వార్డులో చాలదు. అన్ని జాతుల్లోనూ ఆ ప్లాస్మిడ్‌నే వెతకాలి, జబ్బు లేకుండా దాన్ని పేగులో మోస్తున్న రోగుల్ని కూడా కలిపి.