వార్తల్లో పదం: సంబద్ధత దైర్ఘ్యం

ఆస్ట్రేలియాలోని నరాబ్రై పట్టణం దగ్గర సిడ్నీ విశ్వవిద్యాలయం నెలకొల్పిన ‘సూసీ’ ఇంటర్‌ఫెరోమీటర్, రెండు వేర్వేరు అద్దాలు పట్టిన నక్షత్ర కాంతిని ఒకచోట కలిపేది. రెండు దారుల పొడవు దాదాపు సమానమైతేనే వెలుగు చీకట్ల పట్టీలు కనిపిస్తాయి. పట్టీలు చెదిరిపోకుండా ఆ తేడా ఎంతవరకు ఉండవచ్చో చెప్పేదే సంబద్ధత దైర్ఘ్యం.

తరంగదైర్ఘ్యం వర్గాన్ని రంగుల వెడల్పుతో భాగిస్తే అది సుమారుగా వస్తుంది. తెల్లకాంతికి సగటు 550 నానోమీటర్లు, వెడల్పు 300 అనుకుంటే, వచ్చేది దాదాపు 1000 నానోమీటర్లు. అంటే రెండు తరంగాలంత! ప్రతి రంగూ తన కొలతలో పట్టీలు వేస్తుంది. సున్నా తేడా దగ్గర అన్నీ ఒకేచోట పడి నడిమి పట్టీ తెల్లగా ఉంటుంది. పక్కకు జరిగేకొద్దీ అంచులకు రంగులు తేలి, రెండు మూడు పట్టీలు దాటగానే ఒకదాని వెలుగు మరొకదాని చీకటిని పూడ్చేస్తుంది. కంటికి మిగిలేది మసక తెలుపే.

700 నానోమీటర్ల దగ్గర 80 వెడల్పున్న ఫిల్టర్ పెడితే ఈ దూరం 6 మైక్రాన్లకు పెరుగుతుంది. అదీ చాలదు. అద్దాల మధ్య 80 మీటర్ల ఎడం ఉంటే, భూభ్రమణం వల్ల దారుల తేడా సెకనుకు మిల్లీమీటరుకు పైగా మారవచ్చు. అందుకే పరిశీలన సాగినంతసేపూ కాంతి దారిలోని వేరే అద్దాలను జరుపుతూ ఆ తేడాను సరిచేస్తూనే ఉండాలి.