మండపం రీలు కింద నాలుగు ముక్కలు

పెళ్ళి పూల పని చేసేవాళ్ళు ఇప్పుడు బేరాల కోసం దుకాణం బోర్డు కంటే రీలునే ఎక్కువ నమ్ముకుంటున్నారు. తెల్లవారుజామున మండపం పూర్తవుతుంది. జట్టు ఇంకా రాలిన రెక్కలు ఊడుస్తుండగానే ఒకరు ఫోను తీసి, గేటు దగ్గర తోరణం నుంచి పీటల దాకా నడుస్తూ వీడియో పట్టేస్తారు. దానికో పాట తగిలిస్తారు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేముందు మాత్రం కింద ఏం రాయాలో తోచక ఆగిపోతారు. ఆఖరికి ‘మీ కలల పెళ్ళికి మేమున్నాం’ అని రాసేసి ఇంటికెళ్ళి పడుకుంటారు. లేచేసరికి వందల లైకులు, పదిహేను ‘రేటెంత’లు ఉంటాయి. బేరం ఒక్కటీ ఉండదు.

లోపం చాలావరకు ఆ కింద రాసిన మాటల్లోనే ఉంది. పూలు ఎంత బాగున్నాయో వీడియోనే చెబుతుంది, దాన్నే మళ్ళీ మాటల్లో పెడితే చదివేవాడికి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. మండపం ఎంత పెద్దది, ఏ నెలలో వేశారు, ఏవి అసలు పూలు, ఏవి ప్లాస్టిక్‌వి, ఎంత నుంచి మొదలవుతుంది అన్నవి మాత్రం వీడియోలో కనిపించవు. పెళ్ళి పెట్టుకున్న ఇంట్లో అడిగేవి సరిగ్గా ఇవే. క్యాప్షన్ ఉన్నది వీటికి జవాబు చెప్పడానికి.

ఒక ఉదాహరణ చూద్దాం. రాజమండ్రిలో ఒక చిన్న పూల డెకరేషన్ జట్టు ఉందనుకుందాం. కడియపులంక పూల మార్కెట్టు దగ్గరే కాబట్టి సరుకు అక్కడినుంచే వస్తుంది. వైశాఖంలో ఉదయం ముహూర్తం పెళ్ళి. స్టేజీ 30 అడుగులు, దాని మధ్యలో 12 అడుగుల మండపం. నాలుగు స్తంభాలకూ పసుపు, నారింజ బంతి దండలు చుట్టారు. పైన లిల్లీ సరాలు, వాటి మధ్య మల్లెచెండ్లు వేలాడదీశారు. వెనక గోడకు మాత్రం ఆకులూ గులాబీలూ కృత్రిమమైనవి. అందులో తప్పేమీ లేదు. అంత గోడను నిజం గులాబీలతో నింపితే ఖర్చు తడిసి మోపెడవుతుంది, పైగా మే ఎండల్లో మధ్యాహ్నానికల్లా వడలిపోతాయి. ఆ రీలు కింద వాళ్ళు మొదట రాసుకున్నది ఇది:

‘మీ పెళ్ళికి స్వర్గాన్నే దింపుతాం! జిల్లాలో నంబర్ వన్ డెకరేషన్. నూటికి నూరు శాతం తాజా పూలు. అతి తక్కువ ధర. కొన్ని డేట్లే మిగిలాయి, త్వరపడండి!’

స్వర్గం సంగతి వదిలేద్దాం, అది పొగడ్తేనని అందరికీ తెలుసు, దానివల్ల ఎవరూ మోసపోరు. చిక్కంతా మిగతా నాలుగు మాటల్లో ఉంది. ‘నంబర్ వన్’ అని ఎవరు తేల్చారు? ‘అతి తక్కువ ధర’ అంటే ఊళ్ళో మిగతావాళ్ళందరి ధరలూ తెలిసుండాలి. ‘నూరు శాతం తాజా పూలు’ అన్నది వెనక గోడ చూస్తే అబద్ధం. దీన్ని నమ్మి వచ్చిన పెళ్ళికూతురి తండ్రి ముహూర్తం రోజు గోడ మీద గులాబీని వేళ్ళతో తడిమి చూస్తే గుడ్డ తగులుతుంది. ‘ఏం బాబూ, అన్నీ అసలు పూలే అన్నారుగా!’ అని చుట్టాల ముందు అడిగితే, ఆ పూట బాకీ డబ్బు వసూలు చేసుకోవడం కూడా కష్టమే.

చట్టం వైపు నుంచి కూడా ఇది చిన్న విషయం కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలను నిషేధిస్తుంది. ఇలాంటి ప్రకటనలపై 2022లో కేంద్రం విడిగా మార్గదర్శకాలు కూడా తెచ్చింది. పూల జట్టు పెట్టే రీలు కూడా బేరం కోసం చేసే ప్రకటనే. రెండు మండపాలు వేసుకునేవాడి మీదికి ఢిల్లీ నుంచి నోటీసు వస్తుందని నేననను. కాకపోతే పెళ్ళివారు వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలనుకుంటే, ఆ క్యాప్షన్ స్క్రీన్‌షాట్ వాళ్ళ చేతిలో ఉంటుంది.

ఇక అదే రీలుకు రెండో క్యాప్షన్:

‘రాజమండ్రిలో బంతి, మల్లెల మండపం, మే నెల పెళ్ళి.

స్టేజీ 30 అడుగులు, మండపం 12 అడుగులు. స్తంభాలకు, పైన సరాలకు అసలు పూలు: బంతి, లిల్లీ, మల్లె. వెనక గోడ మీద ఆకులు, గులాబీలు కృత్రిమం.

ఈ సైజు పని 90 వేల నుంచి మొదలు. పూలు, కూలీ, ఊళ్ళో రవాణా కలిపి. లైట్లు, కుర్చీలు కలవవు. చలికాలంలో మల్లె తక్కువ, ఆ నెలల్లో బదులు చామంతి వాడతాం.

మాది ఒకటే జట్టు, రోజుకు ఒకటే పెళ్ళి ఒప్పుకుంటాం. పెళ్ళి తేదీ, ముహూర్తం వేళ, హాలు పేరు వాట్సాప్ చేయండి. ఆ తేదీ ఖాళీగా ఉందో లేదో అదే రోజు చెబుతాం. నంబరు ప్రొఫైల్‌లో ఉంది.’

90 వేలన్నది ఇక్కడ ఉదాహరణ కోసం వేసిన అంకె. ఎవరి లెక్క వాళ్ళది.

మొదటి వాక్యం ఎందుకంత పొడిగా ఉందని అనిపించవచ్చు. రీలు మీద క్యాప్షన్ మొత్తం కనపడదు, కింద ఒక్క వరుస కనపడి ఆగిపోతుంది. మిగతాది చూడాలంటే నొక్కాలి. ఆ వరుసలో తెలుగులో నాలుగైదు మాటల కంటే పట్టవు. వాటిని ‘నమస్తే ఫ్రెండ్స్’ అనో, మూడు పూల బొమ్మలు పెట్టో ఖర్చు చేస్తే, రాజమండ్రిలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళకు ఇది తమ ఊరి పనేనని తెలిసే అవకాశం పోతుంది. ఊరు, పువ్వు, పని ఈ మూడూ మొదటి వరుసలో పడితే చాలు. మనవాళ్ళలో చాలామంది వెతకడం ఇంగ్లీషు అక్షరాల్లోనే వెతుకుతారు. అందుకని చివర్లో #rajahmundry #mandapamdecoration లాంటివి రెండో మూడో పెడితే సరిపోతుంది. ఎక్కువ పెట్టినవాళ్ళ క్యాప్షన్ చూస్తే సరుకుల చీటీలా ఉంటుంది, అసలు మాట అందులో మునిగిపోతుంది.

మల్లెల గురించి ఆ ఒక్క ముక్క రాయడం నా దృష్టిలో ఈ క్యాప్షన్ మొత్తంలో ముఖ్యమైనది. రీలు పెట్టింది మేలోనే అయినా చూసేవాళ్ళు నవంబరులో కూడా చూస్తారు. మల్లె ఎండాకాలపు పువ్వు. మార్చి నుంచి విరగబూస్తుంది, చలికాలంలో కొద్దిగానే వస్తుంది, ఆ కొద్దీ మండిపోయే ధర పలుకుతుంది. మార్గశిరంలో ముహూర్తం పెట్టుకున్న పెళ్ళికూతురు మే నెల రీలు చూపించి ‘అచ్చం ఇదే కావాలండీ’ అంటే, పూలాయన అయితే నష్టానికి వేయాలి, లేదా మాట తప్పాలి. చామంతికి సరిగ్గా అది అదును. మల్లె బదులు తెల్ల చామంతి అని ముందే రాసి ఉంటే, ఆ అమ్మాయి అడిగేటప్పుడే ‘మాది డిసెంబరు అండీ, చామంతితో ఎలా ఉంటుందో ఫొటో ఉందా?’ అని అడుగుతుంది. బేరం అప్పటికే సగం కుదిరినట్టు.

ధర రాయాలా వద్దా అన్నది ఈ రంగంలో తెగని పేచీ. ‘ధర కోసం డీఎం చేయండి’ అనడానికి కారణాలు లేకపోలేదు. పక్కవాడు చూసి వెయ్యి తగ్గిస్తాడని భయం. పైగా మంచి ముహూర్తాలు వరసగా ఉన్న వారంలో బంతి ధర మామూలు వారం ధర కాదు, దసరా దీపావళి రోజులైతే చెప్పనే అక్కర్లేదు. ఆ భయాలకు జవాబు ‘నుంచి మొదలు’ అనే మాటలోనే ఉంది, దాన్ని నిజాయితీగా వాడితే. నిజాయితీగా అంటే ఏమిటి? వీడియోలో కనిపిస్తున్న ఆ సైజుకు, ఆ పూలకు నిజంగా ఆ ధరకే ఒకసారైనా వేసి ఉండాలి. రెండు లక్షల మండపం చూపించి, కింద ‘25 వేల నుంచి’ అని రాస్తే అది గేటు తోరణం ధర. ఫోన్ చేసినవాళ్ళకు అది తెలిసిన క్షణాన వాళ్ళు మిగతా మాటలన్నీ నమ్మడం మానేస్తారు. ఏవి కలిశాయి, ఏవి కలవలేదు అన్నది కూడా అదే వరుసలో ఉండాలి. లైట్ల దగ్గర, జనరేటర్ దగ్గర వచ్చే గొడవలు పూల దగ్గర రావు.

‘కొన్ని డేట్లే మిగిలాయి’ అన్నదానికి బదులు ‘ఒకటే జట్టు, రోజుకు ఒకటే పెళ్ళి’ వచ్చింది. తొందరపెట్టే పని ఇది కూడా చేస్తుంది, పైగా నిజం. మా పెళ్ళి రోజు వీళ్ళు ఇంకో హాలుకు పరుగెత్తరన్న భరోసా కూడా ఇందులోంచే వస్తుంది. రెండు జట్లున్నవాళ్ళు ఈ మాట రాయకూడదని వేరే చెప్పాలా?

క్యాప్షన్ సరిచేయలేని అతిశయం వీడియోలోనే ఉంటుంది. ఫోన్‌లో వెడల్పు లెన్స్ పెడితే 12 అడుగుల మండపం గుడి గోపురంలా కనిపిస్తుంది. రంగు ఫిల్టరు వేస్తే లేత పసుపు బంతి కుంకుమరంగుకు తిరుగుతుంది. అందుకే అడుగుల్లో కొలత రాయడం. ఎవరైనా తమ హాలు స్టేజీతో పోల్చుకోవచ్చు. మూడు పెళ్ళిళ్ళ ముక్కలు కలిపి రీలు చేస్తే ‘మూడు పెళ్ళిళ్ళ నుంచి’ అని రాయాలి. ఇంటర్నెట్లో దొరికిన వేరేవాళ్ళ మండపం ముక్క ఒక్కటి కలిపినా మొత్తం పోతుంది, దాన్ని ఏ క్యాప్షనూ కాపాడలేదు. తెల్లవారుజామున తీసిన వీడియోకు ‘రెండు రోజులు తాజాగా’ అని రాయడమూ అంతే. బంతి నిలుస్తుంది గానీ, రాత్రి విచ్చిన మల్లె మర్నాటి సాయంత్రం రిసెప్షన్ వేళకు గోధుమరంగుకు తిరుగుతుంది.

పెళ్ళివారి ముఖాలు, పేర్లు, హాలు పేరు వాళ్ళను అడిగి, ఒప్పుకుంటేనే పెట్టాలి. చాలామంది ఒప్పుకుంటారు, కాకపోతే అడగాలి.

క్యాప్షన్ పనిచేస్తోందా లేదా అన్నది లైకుల్లో కనపడదు. వచ్చే మెసేజీలు చూడాలి. ‘రేటెంత’ అని ఒక్క ముక్క వస్తుంటే, తేదీ, ముహూర్తం, హాలు పేరు పంపమన్న వాక్యం ఎవరికీ అందలేదని అర్థం. దాన్ని పైకి జరపాలి, లేదా మొదటి కామెంటుగా రాసి పిన్ చేయాలి. ‘మే 14, ఉదయం 9:40, ఫలానా హాలు, స్టేజీ మీద ఇంతే చోటుంది’ అని వస్తుంటే సరిగ్గా ఉన్నట్టే. అప్పుడు జవాబిచ్చేవాడు నాలుగు ఎదురు ప్రశ్నలు వేయక్కర్లేదు, సూటిగా ధర చెప్పొచ్చు. క్యాప్షన్‌లో ఉన్న లింకు నొక్కితే తెరుచుకోదు కాబట్టి వాట్సాప్ లింకును ప్రొఫైల్‌లోనే పెట్టాలి, ఎక్కడుందో క్యాప్షన్‌లో చెప్పాలి.

రీలు పెట్టేశాక కూడా క్యాప్షన్ మార్చుకోవచ్చు. బంతి ధర పెరిగి 90 వేలు లక్ష అయిన రోజున, పాత రీలు తీసి ఆ అంకె దిద్దేయాలి. ఎక్కువ మంది చూసిన రీలునే ముందు దిద్దాలి, ఫోన్లు వచ్చేది దాన్నుంచే.