మేనల్లుడి ఫోను లెక్క

మిల్లులో నేను పీసు రేటు మీద పని చేసినవాణ్ణి. ఎన్ని మీటర్లు నేస్తే అంత కూలి. నూలు రాక మగ్గం ఆగితే ఆ టైముకి పైసా లేదు. మా అక్క కొడుకు గుడియాత్తం నుంచి వేలూరికి బండి మీద పోయి ఇంటింటికీ భోజనం అందిస్తాడు. వాడిదీ పీసు రేటే. కాకపోతే పని ఒప్పుకునేదా లేదా అని ప్రతిసారీ కొన్ని సెకన్లలో తేల్చాల.

ఒక శుక్రవారం రాత్రి గాంధీ రోడ్డులో వాడి పక్కనే నిలబడి ఉండాను. ఫోను మోగింది. బాగాయం పక్క ఒక ఇంటికి, 48 రూపాయలు. "మంచి రేటే కదరా" అన్నాను.

"రేటు చూడొద్దు మామా, దూరం చూడు" అన్నాడు. హోటలుకి 2 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఇంటికి 6. ఆ పక్క ఆర్డర్లు తక్కువ, అందుకని 6 కిలోమీటర్లు ఖాళీగా తిరిగి రావాల. మొత్తం 14. లీటరు వంద అనుకో, బండి 45 ఇస్తుంది. పెట్రోలుకే 31 రూపాయలు పాయ. గంటసేపు తిరిగితే మిగిలేది 17. అదే సత్తువాచారికి 30 రూపాయల ఆర్డరు వస్తే 5 కిలోమీటర్లే, పెట్రోలు 11 పోను అరగంటలో 19 మిగులుతుంది. అక్కడే ఇంకో ఆర్డరు దొరుకుతుంది కూడా.

"అయితే వద్దను" అన్నాను. వాడు ఒప్పుకున్నాడు!

దారిలో అడిగితే చెప్పినాడు. వాడి కంపెనీలో వారానికి 50 ఆర్డర్లు వస్తే 45 ఒప్పుకోవాల, అప్పుడే 400 రూపాయల బోనసు. అంటే వద్దనడానికి అయిదే సార్లు. అప్పటికే నాలుగు అయిపోయినాయి. మిగిలిన ఆ ఒక్కటి ఆదివారం రాత్రికి దాచుకున్నాడు. పది గంటలప్పుడు ఊరికి దూరంగా లాగే ఆర్డరు వస్తే దాన్ని తోసేయాల. కాట్పాడి పక్క వస్తే మాత్రం తక్కువ రేటైనా తీసుకుంటాడు. లత్తేరి మీదుగా గుడియాత్తం పోయే దారి అదే కదా.

ఒప్పుకున్నాక రద్దు చేయడం ఇంకా చెడ్డదంట. హోటలువాళ్ళు ఆలస్యం చేసినా స్టార్లు తగ్గేది వీడికే. అందుకే ఎక్కువసేపు నిలబెట్టే హోటళ్ళ పేర్లు గుర్తు పెట్టుకున్నాడు.

నేను ఒక్కటే చెప్పినాను. పొద్దున ఇల్లు దాటేటప్పుడు, రాత్రి వచ్చినాక బండి మీటరు చూసి నోటులో రాయమన్నాను. గుడియాత్తం నుంచి వేలూరికి పోను రాను 60 కిలోమీటర్లు ఉంటుంది. ఆ 133 రూపాయల పెట్రోలు ఏ ఆర్డరు లెక్కలోనూ కనపడదు. వారం రాసినాక, ఇప్పుడు వాడు తక్కువ పని ఉండే మంగళవారం వేలూరికి పోవడం లేదు.